జాగ్రత్త: ప్రపోజల్ ఫారంలో ఏజెంట్ పెట్టిన "లేదు" టిక్కులే రేపు మీ క్లెయిమ్‌ను ఆపేస్తాయి

ఆరోగ్య బీమా గానీ జీవిత బీమా గానీ తీసుకున్నవాళ్లు ముందు ఒక పని చేయండి. పాలసీ కాగితాలతో పాటు వచ్చిన ప్రపోజల్ ఫారం కాపీ తీసి, ఆరోగ్య ప్రశ్నలున్న పేజీ చదవండి. అక్కడ అన్నిటికీ వరసగా "లేదు" అని ఉండి, ఆ టిక్కులు పెట్టింది మీరు కాకపోతే ఈ పోస్టు మీ కోసమే. కాపీయే రాకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడిగి తెప్పించుకోండి. ఏజెంట్ ఫోన్లో చెప్పినది చాలదు.

క్లెయిమ్ తిరస్కరణల్లో తరచూ కనిపించే వరస ఇలా ఉంటుంది. 42 ఏళ్ల మనిషి, నాలుగేళ్లుగా రోజూ ఒక బీపీ మాత్ర వేసుకుంటున్నాడు, బీపీ అదుపులోనే ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు ఆ సంగతి ఏజెంట్‌కు చెప్పాడు కూడా. "ఈ రోజుల్లో బీపీ ఎవరికి లేదండీ, అది రాస్తే మెడికల్ టెస్టులంటారు, ఆలస్యమవుతుంది" అని ఏజెంట్ తేల్చేశాడు. ఫారం ఏజెంట్ నింపాడు, కొన్నవాడు సంతకం పెట్టాడు. తర్వాత కంపెనీ నుంచి వచ్చిన రికార్డింగ్ కాల్‌లో "మీకు ముందు నుంచి ఏ జబ్బూ లేదు కదా" అని అడిగితే "లేదు" అనేశాడు.

పద్నాలుగు నెలల తర్వాత పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అవసరమైంది. ఆసుపత్రిలో చేరేటప్పుడు డ్యూటీ డాక్టర్ పాత జబ్బుల గురించి అడిగితే, "అయిదేళ్ల నుంచి బీపీ మాత్ర వాడుతున్నారు" అని భార్య చెప్పింది. అది కేస్ షీట్‌కెక్కింది, అక్కడి నుంచి డిశ్చార్జ్ సమ్మరీలోకి వచ్చింది. క్లెయిమ్ చూసేవాళ్లు చేసే లెక్క చాలా చిన్నది: అయిదేళ్ల నుంచి జబ్బుంది, పాలసీ వయసు పద్నాలుగు నెలలు, కాబట్టి ఫారం మీద సంతకం పెట్టిన రోజుకే బీపీ ఉంది. అయినా ఫారంలో "లేదు" అని ఉంది. ఆపరేషన్ ఖర్చు రాలేదు సరికదా, పాలసీనే రద్దు చేస్తున్నామని లేఖ వచ్చింది.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటే: పిత్తాశయ రాళ్లకూ బీపీకీ సంబంధం ఏమిటి? వైద్యపరంగా ఏమీ లేకపోవచ్చు. కానీ కంపెనీ చూసేది ఈ జబ్బుకు ఆ జబ్బు కారణమా అని కాదు. ఆ సంగతి సంతకం నాడే తెలిసి ఉంటే ఈ పాలసీని ఇదే ప్రీమియానికి, ఇవే షరతులతో ఇచ్చేవాళ్లమా అని చూస్తుంది. టెస్టులు చేయించేవాళ్లు, ప్రీమియం పెంచేవాళ్లు, బీపీ సంబంధిత జబ్బులకు కొంతకాలం కవరు ఆపేవాళ్లు అనుకుంటే అది కీలక వాస్తవం కిందికి వస్తుంది. కొన్ని చోట్ల కోర్టులు దాచిన జబ్బుకూ వచ్చిన జబ్బుకూ సంబంధం ఉందా అని అడిగి కొనుగోలుదారును గట్టెక్కించిన సందర్భాలున్నాయి. దాన్ని నమ్ముకుని పాలసీ కొనడం మాత్రం తెలివితక్కువ పని.

బీమాకు మాత్రమే ఇంత కటువైన నియమం ఎందుకంటే, మిగతా ఒప్పందాల్లో కొనేవాడే సరుకు చూసి తేల్చుకోవాలి. బీమాలో అది తలకిందులు. నష్టం వచ్చే అవకాశం ఎంతో తెలిసింది కొనేవాడికే, కంపెనీకి తెలిసేది అతను చెప్పినంతే. అందుకే రెండు వైపులా పరమ సద్విశ్వాసం ఉండాలన్నారు. ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పింది 1766లో ఇంగ్లండ్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన తీర్పు. సుమత్రా దీవిలోని ఒక ఇంగ్లిష్ కోటను శత్రువులు పట్టుకుంటే నష్టం చెల్లించేలా ఆ కోట గవర్నరు బీమా తీసుకున్నాడు. ఫ్రెంచివాళ్లు కోటను నిజంగానే పట్టుకున్నారు. కోట బలహీనంగా ఉన్న సంగతి గవర్నరు దాచాడని బీమా ఇచ్చినవాడు వాదించాడు. చిత్రమేమిటంటే, దాచకూడదన్న సూత్రానికి పునాది వేసిన ఆ కేసులోనే గెలిచింది గవర్నరు. బీమా ఇచ్చేవాడికి ముందే తెలిసినవీ, అతను తెలుసుకోగలిగి ఉండాల్సినవీ చెప్పనక్కరలేదని తీర్పు. ఆ రెండో సగం మనకు చాలా పనికొస్తుంది, కింద చెబుతాను.

ముందు ఏజెంట్ సంగతి. "నేను చెప్పాను, రాయనిది ఆయనే" అన్న వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ చాలాసార్లు నిలవదు. ఫారం నింపేటప్పుడు ఏజెంట్ మీ తరఫున రాసిపెట్టినవాడేనని, కింద సంతకం మీది కాబట్టి జవాబులూ మీవేనని 1929లోనే ఇంగ్లండ్ కోర్టు ఒకటి తేల్చింది. ఇప్పుడు సంతకం స్థానంలో ఓటీపీ వచ్చింది, అంతే తేడా. ఓటీపీ చెప్పేముందు నింపిన ఫారం పీడీఎఫ్ పంపమనండి. మీరు ఏజెంట్‌కు చెప్పినట్టు రుజువు కావాలంటే మెసేజ్‌లోనో మెయిల్‌లోనో చెప్పండి: "నాలుగేళ్లుగా బీపీకి మందు వాడుతున్నాను, ఫారంలో రాయండి." ఆ ఒక్క వాక్యం తర్వాత మీకు దొరికే అతి బలమైన సాక్ష్యం.

ఇక ప్రశ్నల్లో జనం పడిపోయే గుంటలు. "ఎప్పుడైనా" అన్న మాటకూ "గత ఇన్నేళ్లలో" అన్న మాటకూ తేడా చూడండి. "ఎప్పుడైనా" అని అడిగితే పదిహేనేళ్ల కిందట పూర్తిగా నయమైన టీబీ కూడా రాయాల్సిందే. "ఏదైనా పరీక్ష చేయించుకోమన్నారా" అన్న ప్రశ్న ఇంకా ప్రమాదకరం. డాక్టర్ యాంజియోగ్రామ్ చేయించుకోమంటే భయపడి చేయించుకోనివాడు "నాకు జబ్బేమీ తేలలేదు కదా" అనుకుంటాడు. అడిగింది జబ్బు గురించి కాదు, సలహా గురించి. ఆ చీటీ ఆసుపత్రి రికార్డులో అలాగే ఉంటుంది. వేరే కంపెనీ మీ ప్రపోజల్‌ను తిరస్కరించినా, ప్రీమియం పెంచి ఇచ్చినా, అడిగినప్పుడు అదీ చెప్పాలి.

ఫారం ఇచ్చిన రోజుతో ఈ బాధ్యత ముగిసిపోదు. పాలసీ జారీ అయ్యేలోపు కొత్తగా షుగర్ బయటపడితే అదీ తెలియజేయాలి. ఆగిపోయిన జీవిత బీమాను పునరుద్ధరించినప్పుడూ, బీమా మొత్తం పెంచుకున్నప్పుడూ ఆరోగ్య ప్రకటన మళ్లీ ఇస్తారు, దాంతో లెక్క మళ్లీ మొదలవుతుంది. భారత చట్టంలో జీవిత బీమా పాలసీని 3 ఏళ్లు దాటాక ప్రశ్నించకూడదన్న రక్షణ ఉంది. కానీ ఆ మూడేళ్లు పాలసీ జారీ, రిస్క్ మొదలు, పునరుద్ధరణ, రైడర్ అనే అదనపు కవరు చేర్చడం వీటిలో ఏది ఆలస్యమైతే అక్కడి నుంచి లెక్కిస్తారు. పదేళ్ల పాలసీ కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు నిరుడు పునరుద్ధరించిన సంగతి మరిచిపోతారు.

క్లెయిమ్ ఇప్పటికే తిరస్కరించి ఉంటే, కోపంతో లేఖ రాసేముందు మూడు చూడండి. ఒకటి, ఫారంలో అసలు ఆ ప్రశ్న అడిగారా? అడగనిదాన్ని దాచారనడం కంపెనీకి కష్టం. రెండు, కంపెనీకి ముందే తెలుసా? మీరు జతచేసిన పాత రిపోర్టులో బీపీ ఉంటే, లేదా వాళ్లే చేయించిన మెడికల్‌లో రీడింగ్ ఎక్కువగా వచ్చినా పాలసీ ఇచ్చి ఉంటే, పైన చెప్పిన 1766 తీర్పు రెండో సగం మీ వైపు నిలుస్తుంది. మూడు, కేస్ షీట్‌లో రాసిన కాలం నిజమేనా? కంగారులో ఉన్న బంధువు "చాలా ఏళ్ల నుంచి" అంటే అది "పదేళ్లు" అయిపోతుంది. నిజానికి బీపీ పాలసీ తర్వాతే బయటపడి ఉంటే, మొదటి మందుచీటీ తేదీతో పాటు వైద్యం చేసిన డాక్టర్ నుంచి సవరణ లేఖ తీసుకోండి. డిశ్చార్జ్ రోజునే సమ్మరీ చదివితే ఈ తిప్పలు సగం తప్పుతాయి. తప్పును సరిదిద్దించుకోవచ్చు. ఉన్న జబ్బును చెరిపించబోతే మాత్రం మామూలు తిరస్కరణ కాస్తా మోసం కేసు అవుతుంది.

ఇంకో ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: "ఈ సంగతి తెలిసి ఉంటే మీరు ఏ నిర్ణయం తీసుకునేవారు, ఎవరికి ఏ షరతులతో పాలసీ ఇవ్వాలో తేల్చే మీ అండర్‌రైటింగ్ నిబంధన చూపండి." జవాబు "ప్రీమియం కొంచెం పెంచేవాళ్లం" అయితే మొత్తం తిరస్కరణ అన్యాయమని వాదించడానికి ఆధారం దొరుకుతుంది. బ్రిటన్‌లో 2012 చట్టం ప్రకారం వినియోగదారుడు కావాలని కాక అజాగ్రత్త వల్ల తప్పు చెబితే, కట్టిన ప్రీమియానికీ కట్టాల్సిన ప్రీమియానికీ ఉన్న నిష్పత్తిలో చెల్లిస్తారు. 100 కట్టినచోట 125 కట్టాల్సి ఉంటే క్లెయిమ్‌లో 80 శాతం వస్తుంది. అన్ని దేశాల్లో ఈ సౌకర్యం లేదు, అయినా అడగడం మానొద్దు.

క్లెయిమ్ ఇంకా రానివాళ్ల పని తేలిక. ఫారంలో తప్పుందని తెలిసిన రోజే కంపెనీకి నేరుగా రాయండి. పాలసీ నంబరు, ఏ ప్రశ్నకు ఏ జవాబు తప్పు, సరైనదేమిటి, ఎప్పటి నుంచి, ఏ మందు అని రాసి, రసీదు దాచుకోండి. ప్రీమియం పెరగొచ్చు, పాలసీ రద్దూ కావచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రద్దయితే ఇంకోచోటికి వెళ్లొచ్చు, ఆసుపత్రి మంచం మీద ఆ దారి ఉండదు.

చివరిగా, ఆరోగ్యం ఊసే లేకుండా క్లెయిమ్ పోయే దారి ఒకటుంది: బీమాయోగ్య హితం. అంటే ఆ వస్తువు పోతే మీకు చట్టం గుర్తించే ఆర్థిక నష్టం ఉండాలి. 1925లో బ్రిటన్‌లోని ఉన్నత న్యాయపీఠం ముందుకొచ్చిన కేసులో, ఒకాయన తన కలపనంతా తన సొంత కంపెనీకి అమ్మేసి, బీమా మాత్రం తన పేరునే ఉంచాడు. కలప కాలిపోయింది. దాదాపు షేర్లన్నీ ఆయనవే, అయినా కలప కంపెనీది కాబట్టి ఆయనకు పైసా రాలేదు. పేరు మార్చని సెకండ్‌హ్యాండ్ కారు పాలసీలోనూ, తమ్ముడి పేరున్న ఇంటికి అన్న తీసుకున్న పాలసీలోనూ జరిగేది ఇదే. జీవిత బీమాలో ఈ హితం పాలసీ తీసుకునే రోజున ఉండాలి, ఆస్తి బీమాలో నష్టం జరిగిన రోజున ఉండాలి. అందుకే ఇల్లు గానీ బండి గానీ చేతులు మారితే, రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు పాలసీలో కూడా పేరు మార్పించుకుని, ఆ మార్పు నమోదైన ఎండార్స్‌మెంట్ కాపీ చేతికొచ్చాకే బండి తాళం తీసుకోండి.