పర్మనెంట్ చేయమని అడిగే సందేశం: కష్టం చెప్పాలా, ఫలితం చూపాలా?

బిల్లుల మీద వచ్చే ఫిర్యాదులు చూసే ఒక కాంట్రాక్టు ఉద్యోగిని ఊహించుకుందాం. గడువు ఇంకో మూడు నెలలే ఉంది. మేనేజర్‌కు పంపడానికి ఆమె దగ్గర రెండు ముసాయిదాలు ఉన్నాయి.

మొదటిది ఇలా ఉంది: "సార్, ఏడాదిన్నరగా ఇక్కడ పనిచేస్తున్నాను. ఏ రోజూ పని వాయిదా వేయలేదు. అవసరమైతే సెలవు రోజుల్లోనూ వచ్చాను. దయచేసి నన్ను పర్మనెంట్ చేసే విషయం ఆలోచించగలరు."

రెండవది: "సార్, నా కాంట్రాక్టు నవంబరు 30తో ముగుస్తుంది. నేను చేరినప్పుడు ఒక ఫిర్యాదు తేలడానికి సగటున 6 రోజులు పట్టేది. గత మూడు నెలల సగటు 2 రోజులు. ఫిర్యాదుల సంఖ్య మాత్రం తగ్గలేదు, నెలకు 120 దాకా వస్తూనే ఉన్నాయి. బిల్లు బయటికి వెళ్లే ముందు సరిచూడడానికి నేను రాసిన జాబితాను ఇప్పుడు మిగతా ఇద్దరు కూడా వాడుతున్నారు. ఈ పనికి పర్మనెంట్ పోస్టు అడిగే వీలుందా? ఉంటే ప్రతిపాదన ఎవరికి, ఎప్పటిలోగా వెళ్లాలి? ఈ వారం మీకు వీలైనప్పుడు పదిహేను నిమిషాలు మాట్లాడాలని ఉంది."

మొదటి దానిలో అబద్ధం ఒక్కటీ లేదు. సెలవు రోజుల్లో వచ్చిన మనిషికి ఆ మాట చెప్పుకునే హక్కు పూర్తిగా ఉంది. అయినా దాన్ని పంపవద్దనే అంటాను. అది చదివిన మేనేజర్ ఎంత మంచివాడైనా "చూద్దాం" అనడం తప్ప ఏమీ చేయలేడు. పర్మనెంట్ పోస్టు సాధారణంగా ఆయన ఒక్కడి చేతిలో ఉండదు. మానవ వనరుల విభాగాన్నీ, బడ్జెట్ చూసేవాళ్లనూ ఒప్పించాలి. వాళ్లు అడిగేవి రెండే: ఈ పని ఇక ముందూ ఉంటుందా? ఈమె వెళ్లిపోతే ఏం పోతుంది? వీటికి మొదటి ముసాయిదాలో జవాబు లేదు. రెండవదానిలోని నాలుగు వాక్యాలను మేనేజర్ యథాతథంగా పైకి పంపవచ్చు. 120 అనే అంకె పని నిలకడగా ఉందని చెబుతుంది. ఇద్దరు వాడుతున్న జాబితా, ఆమె వల్ల మిగతావాళ్ల పనీ మెరుగైందని చెబుతుంది.

అయితే అంకెలతో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ మధ్యలోనే ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి ఉంటే, 6 రోజులు 2 కావడం మొత్తం ఆమె ఘనత కాదు. ఆ సంగతి మేనేజర్‌కు తెలుసు. తనది కానిదాన్ని తనదిగా రాస్తే మిగిలిన నిజాలనూ ఆయన అనుమానంగానే చదువుతాడు. అప్పుడు "కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక సగటు 4 రోజులకు వచ్చింది, జాబితా మొదలుపెట్టాక 2 రోజులకు తగ్గింది" అని విడదీసి రాయాలి. అంకె చిన్నదవుతుంది కానీ ఎవరు ప్రశ్నించినా నిలబడుతుంది. రోజుల లెక్కతో పాటు ఫిర్యాదుల సంఖ్యనూ రాయడం అందుకే. ఫిర్యాదులే తగ్గిపోతే రోజులు వాటంతట అవే తగ్గుతాయి కదా.

"వేరే చోట ఉద్యోగం వచ్చింది" అని రాయడం మూడో దారి. అది నిజమై, పోస్టు ఇవ్వకపోతే వెళ్లడానికి మనసు సిద్ధంగా ఉంటేనే రాయాలి. వెళ్లమంటే వెళ్లలేని స్థితిలో ఆ మాట వాడవద్దు.

ఏజెన్సీ ద్వారా పనిచేసేవాళ్లు ముందు తమ కాంట్రాక్టు కాగితం చదవాలి. సంస్థ నేరుగా తీసుకుంటే ఏజెన్సీకి రుసుము చెల్లించాలనో, ఇంత కాలం ఆగాలనో కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అలాంటి షరతు ఉంటే సందేశంలో ఒక వాక్యంలో చెప్పేయాలి. చివరి వారంలో బయటపడితే, అంతా కుదిరిన పని అక్కడే ఆగిపోవచ్చు. గడువుకు మూడు నెలల ముందే రాయాలనడానికి ఇదొక కారణం. ఇంకొకటి, బడ్జెట్ ఖరారైపోయాక మేనేజర్ ఒప్పుకున్నా పోస్టు ఉండకపోవచ్చు.

రెండవ ముసాయిదాకూ "చూద్దాం" అనే జవాబు రావచ్చు. అప్పుడు ఆమె అదే రోజు ఒక చిన్న జవాబు పంపాలి: "ధన్యవాదాలు సార్. ఈ నెల 20న మళ్లీ మీతో మాట్లాడవచ్చా? ఈలోగా ప్రతిపాదనకు ఇంకా ఏ వివరాలు కావాలో చెబితే సిద్ధం చేస్తాను."