చేతికి పల్స్ బ్యాండు, ఛాతీకి పట్టీ: కాఫీకి ఎంత, సిగరెట్టుకి ఎంత?

నా దగ్గర రెండు పరికరాలున్నాయి. ఒకటి చేతికి పెట్టుకునే మామూలు ఫిట్‌నెస్ బ్యాండు. ఇది చర్మం మీద పచ్చ లైటు వేసి, లోపల రక్తం పొంగడం, తగ్గడం చూసి పల్స్ లెక్కగడుతుంది. రెండోది ఛాతీ చుట్టూ బిగించుకునే పట్టీ. ఇది ఈసీజీలాగా గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్తునే పట్టుకుంటుంది. రెండేళ్లకు పైగా ఈ రెండూ వాడుతున్నాను. అందులో మొదటి ఏడాది సిగరెట్లు తాగేవాణ్ని, తర్వాత మానేశాను. కాఫీ, టీలు ఇప్పటికీ ఉన్నాయి. రాత్రి షిఫ్టు పడినప్పుడు ఎనర్జీ డ్రింకులు కూడా తాగేవాణ్ని. వ్యాయామానికి ఈ పరికరాలు ఎలా పనికొస్తాయో చాలామంది రాశారు కాబట్టి దాని జోలికి పోను. మనం తాగేవాటికి, కాల్చేవాటికి రోజంతా పల్స్ ఎలా మారుతుందో, దాన్ని ఇవి ఎంతవరకు నిజంగా చూపిస్తాయో మాత్రమే రాస్తాను.

మాదాపూర్‌లో మా ఆఫీసు కింద టీ బండి ఉంది. పొద్దున పదకొండింటికి అందరం దిగుతాం. ఆ సమయంలో బ్యాండు గ్రాఫులో ఎప్పుడూ ఒక గుట్ట కనిపించేది. కూర్చున్నప్పుడు 70 దగ్గరున్న పల్స్ 100 దాటేది. దాన్ని చూసినవాళ్లెవరైనా టీ వల్లే అనుకుంటారు. కానీ ఆ గుట్టలో మెట్లు దిగడం ఉంది, నిలబడి మాట్లాడటం ఉంది, ఎండ ఉంది, టీ ఉంది, సిగరెట్టు ఉంది. ఒక్క నిలబడటానికే చాలామందికి పల్స్ నిమిషానికి 10 నుంచి 15 దాకా పెరుగుతుంది. వీటిని విడదీయకుండా ఆ గ్రాఫు చూసి ఏమీ తేల్చలేం.

సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని విడదీశాను. పద్ధతి తేలికే. కుర్చీలో వీపు ఆనించి, ఫోను పక్కన పెట్టి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. తర్వాత ఒక నిమిషం సగటు రాసుకోవాలి. కాఫీ అయితే కాఫీ, సిగరెట్టయితే సిగరెట్టు, ఏదో ఒకటే తీసుకోవాలి. లేవకుండా ఐదు నిమిషాలకు, పావుగంటకు, అరగంటకు, గంటకు మళ్లీ చూడాలి. ఏమీ తీసుకోకుండా అలాగే గంట కూర్చున్న రోజు కూడా ఒకటి ఉండాలి. ఎందుకంటే ఊరికే కూర్చుంటేనే నాకు మూడు నాలుగు తగ్గుతుంది. ఆ తేడా తెలియకపోతే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి.

ముందు కాఫీ సంగతి. ఒక చెంచా ఇన్‌స్టంట్ పొడి వేసిన కప్పులో సుమారు 60 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. తాగిన అరగంట నుంచి గంటలోపు అది రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. సరిగ్గా ఆ సమయానికి నా పల్స్ పెరగలేదు. 64 ఉన్నది 61కి దిగింది. మొదట పట్టీ తప్పు చూపిస్తోందనుకుని మణికట్టు మీద వేలు పెట్టి లెక్కపెట్టాను, అంతే వచ్చింది. ఇంట్లో నాన్నగారి బీపీ మిషను ఉంటే దానితో చూశాను. పై బీపీ 118 నుంచి 125కి వెళ్లింది. అసలు విషయం అక్కడ తెలిసింది. కెఫీన్ రక్తనాళాలను కొంచెం బిగిస్తుంది, దాంతో బీపీ పెరుగుతుంది. మెడలోని పెద్ద ధమనుల దగ్గర ఒత్తిడిని కనిపెట్టే నరాలుంటాయి, అవి గుండెను కాస్త నెమ్మదించమంటాయి. ఒకవైపు కెఫీన్ తోస్తుంటే ఇంకోవైపు శరీరం బ్రేకు వేస్తుంది. రోజూ తాగేవాళ్లలో ఆ తోపుడు కూడా అలవాటుపడి తగ్గిపోతుంది. అందుకే బ్యాండులో అంకె మారలేదంటే కాఫీ ఏమీ చేయలేదని కాదు. బీపీ ఉన్నవాళ్లు ఈ బ్యాండు చూసి ధీమా పడకూడదు.

మా చెల్లెలు కాఫీ తాగదు. ఒకసారి అదే కప్పు తాగి పట్టీ కట్టుకుంది. తనకు ఎనిమిది పెరిగింది, చేతులు కూడా వణికాయంది. అలవాటు లేని ఒంటికి, అలవాటున్న ఒంటికి అంత తేడా.

ఇక సిగరెట్టు. ఇందులో సందేహానికి చోటే లేదు. పొద్దున లేచాక మొదటిది బాల్కనీలో కుర్చీలో కూర్చుని కాల్చినప్పుడు, టీ లేకుండానే, 64 నుంచి ఐదు నిమిషాల్లో 82కి వెళ్లింది. అరగంటకు 71కి దిగింది, మళ్లీ 64కి రాలేదు. నికోటిన్ కాఫీలా మెల్లగా పనిచేయదు. ఊపిరితిత్తుల నుంచి క్షణాల్లో మెదడుకు చేరి, మూత్రపిండాల మీదుండే గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. కాఫీ విషయంలో పడ్డ బ్రేకు ఇక్కడ పడదు. బీపీ, పల్స్ రెండూ కలిసి పెరుగుతాయి.

అందరూ పొరబడేది మధ్యాహ్నం గ్రాఫు దగ్గరే. మూడో నాలుగో సిగరెట్టుకి పల్స్ ఐదారు మాత్రమే పెరిగేది. అది చూసి మా కొలీగ్ ఒకాయన "మొదటిదానికే కదా, తర్వాతవి ఏం చేయవు" అన్నాడు. ఆయన చూసింది పెరుగుదలనే, అది ఎక్కడి నుంచి మొదలైందో చూడలేదు. పొద్దున 64 దగ్గర మొదలైన నేను మధ్యాహ్నానికి ఊరికే కూర్చున్నా 76 దగ్గర ఉండేవాణ్ని. నికోటిన్ సగానికి తగ్గడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. గంటకో సిగరెట్టు తాగేవాడికి పాతది పోకముందే కొత్తది వచ్చి కలుస్తుంది. సాయంత్రం దాకా అలా పేరుకుంటుంది. గుట్టలు చిన్నవవుతాయి, కింద నేలే పైకి లేస్తుంది. బ్యాండు యాప్‌లో గుట్టలే కంటికి కనిపిస్తాయి, నేల లేవడం కనిపించదు. కాబట్టి ప్రతి రెండు గంటలకు, సిగరెట్టుకు ముందు, కూర్చున్నప్పటి అంకె రాసుకోవాలి. నా మొత్తం వాడకంలో ఎక్కువ నేర్పింది ఆ వరసే.

చేతి బ్యాండుకు ఇక్కడే పెద్ద బలహీనత ఉంది. సిగరెట్టు కాల్చగానే నికోటిన్ చర్మంలోని సన్న రక్తనాళాలను బిగిస్తుంది, వేళ్లు చల్లబడతాయి. పచ్చ లైటుకు అందే రక్తం తగ్గిపోతుంది. పట్టీ 82 చూపిస్తుంటే బ్యాండు ఒక్కోసారి 60 చూపించేది, ఒక్కోసారి గీతలు మాత్రమే వచ్చేవి. డిసెంబరు పొద్దుల్లో ఇది మరీ ఎక్కువ. అంటే అసలు పెరుగుతున్న సమయంలోనే బ్యాండు తక్కువ చెప్పగలదు. అంకె ఉన్నట్టుండి పడిపోయి, మీకు మాత్రం గుండె దడగా ఉంటే అంకెను నమ్మకండి. మెడ దగ్గర వేలు పెట్టి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసుకోండి. బ్యాండును మణికట్టు ఎముక మీద కాకుండా రెండు వేళ్లు పైకి జరిపి, కాస్త బిగించి పెడితే తప్పులు తగ్గాయి.

ఎనర్జీ డ్రింకు గురించి నేను అనుకున్నదానికీ కనిపించినదానికీ పొంతన లేదు. మన దగ్గర ఈ డ్రింకుల్లో కెఫీన్ లీటరుకు 300 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో గరిష్ఠంగా 75, ఒక మంచి కప్పు కాఫీ అంత. తేడా తాగే తీరులో ఉంది. వేడి కాఫీని పావుగంట సేపు తాగుతాం, చల్లటి డబ్బా రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. పైగా చక్కెర దండిగా ఉంటుంది. కూర్చుని ఒక డబ్బా తాగితే గంటకు నాకు నాలుగైదు పెరిగింది, అంతే. కానీ అర్ధరాత్రి షిఫ్టులో రెండో డబ్బా తాగిన రోజున దెబ్బ తెల్లారి పడుకున్నాక కనిపించేది. కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగింది తొమ్మిదింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మామూలుగా పడుకున్న గంట రెండు గంటల్లో 60 లోపుకు దిగే పల్స్, ఆ రోజుల్లో నిద్ర సగం అయ్యేదాకా 66, 67 దగ్గరే ఉండేది. పగలు కాఫీకి కదలని అంకె నిద్రలో కదులుతుంది. కెఫీన్ కోసం బ్యాండు చూడాల్సింది అప్పుడే.

డబ్బాల విషయంలో ఇంకో హద్దు ఉంది. ఒకేసారి లీటరు దాకా తాగించి చేసిన పరిశోధనల్లో ఈసీజీలో క్యూటీ అనే విరామం పెరిగింది. అది గుండె లయకు సంబంధించినది. పల్స్ బ్యాండుకు అది అందదు, నా పట్టీ యాప్ కూడా చూపించదు.

మానేశాక ఏమైందో చెప్పాలి, ఎందుకంటే ఎవరూ ముందుగా చెప్పని సంగతి అక్కడుంది. మొదటి రెండు రోజుల్లోనే కూర్చున్నప్పటి పల్స్ ఆరేడు తగ్గింది. నిద్రలో కనిష్ఠం 63 నుంచి మెల్లగా 56కి వచ్చింది. కానీ మొదటి వారం చివర్లో అదే కాఫీకి చేతులు వణకడం, దడ, నిద్ర రాకపోవడం మొదలైంది. నికోటిన్ లేకపోవడం వల్లే అనుకుని చాలామంది అక్కడే మళ్లీ సిగరెట్టు ముట్టిస్తారు. అందులో కొంత కాఫీ పని. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను కరిగించే ఎంజైమును పెంచి పెడతాయి. అందుకే పొగతాగేవాళ్లలో కెఫీన్ దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. మానేసిన వారం లోపు ఆ వేగం మామూలుకొస్తుంది, అవే నాలుగు కాఫీలు ఒంటికి ఇంచుమించు ఎనిమిదిగా తగులుతాయి. నాలుగును రెండు చేశాను. మూడో రోజుకు పడుకున్నప్పటి గ్రాఫు సర్దుకుంది. నికోటిన్ గమ్ నమలడం వల్ల ఇది ఆగదు, ఎందుకంటే ఎంజైమును పెంచేది పొగ, నికోటిన్ కాదు.

గమ్ వాడేవాళ్లకు ఇంకొకటి. 2 మిల్లీగ్రాముల గమ్ నమిలినప్పుడు పల్స్ ఇరవై నిమిషాల్లో మెల్లగా ఐదారు పెరిగేది, సిగరెట్టులా ఎగిసిపడేది కాదు. కాఫీ తాగిన వెంటనే నమిలితే అసలు పెరిగేది కాదు, తపన కూడా తీరేది కాదు. కాఫీ, కూల్‌డ్రింకుల పులుపు నోట్లో ఉన్నప్పుడు నికోటిన్ బుగ్గ లోపలి నుంచి సరిగా ఒంటికి పట్టదు. పావుగంట ఎడం ఇచ్చాక సరిపోయింది.

పరికరాల మన్నిక సంగతికొస్తే, పట్టీ కట్టే ముందు వెనక రబ్బరు భాగాన్ని నీళ్లతో తడపాలి, లేకపోతే మొదటి కొన్ని నిమిషాలు 180, 200 అని పిచ్చి అంకెలు వస్తాయి. చెమట ఉప్పుకు ఏడాదికి ఎలాస్టిక్ సాగిపోయింది, పట్టీ ఒక్కటే విడిగా కొన్నాను. బ్యాండు కంపెనీకి చల్లని చేతుల సమస్య రాస్తే తిరిగి స్టార్ట్ చేయమన్నారు, అంతకుమించి జవాబు రాలేదు. ఒక్కటే కొనగలిగితే, సిగరెట్టు మానే ప్రయత్నంలో ఉన్నవాళ్లు బ్యాండే కొనండి, రాత్రి కనిష్ఠం దానిలోనే దొరుకుతుంది, పట్టీతో పడుకోలేం. అయితే ఏమీ తాగకుండా, కాల్చకుండా కూర్చున్నప్పుడు కూడా పల్స్ 100 పైనే ఉంటున్నా, లయ తప్పుతున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా గ్రాఫులు పోల్చుకుంటూ కూర్చోకుండా ఈసీజీ తీయించుకోవాలి. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే పల్స్‌ను పైకి పట్టి ఉంచుతాయి, వాటికి రక్తపరీక్ష ఉంటేనే తెలుస్తుంది.