సౌండ్‌బార్‌కి ఫోన్ కలపాలంటే బ్లూటూతా, ఆప్టికలా, కాస్టా? మూడేండ్లు వాడినంక నా మాట

మాది నల్గొండ. మూడేండ్ల కింద దసరా ముంగట ఒక సౌండ్‌బార్ తీసుకున్న, పక్కన వైర్‌లెస్ సబ్‌ వూఫర్ వచ్చే రకం. బ్లూటూత్ ఉన్నది, ఎనక ఆప్టికల్ రంధ్రం ఉన్నది, లోపల వైఫైతోని ఆడే కాస్ట్ కూడ ఉన్నది. కంపెనీ పేరు చెప్తలేను, ఎందుకంటే నేను చెప్పేది బార్ గురించి కాదు, ఫోన్ల పాటని దాంట్లకి ఎట్ల పంపాలె అనేదాని గురించి. ఈ మూడింట్ల ఏది మంచిది అని నన్ను మస్తుమంది అడిగిన్రు, నేను కూడ మొదట్ల క్వాలిటీ ఏది ఎక్కువ అనే చూసిన. వాడంగ వాడంగ తెలిసిందేందంటే అసలు అడగాల్సింది వేరే, పాటని ఎవరు ఆడిస్తున్నరు, ఫోనా, టీవీయా, బార్ తనే ఆడించుకుంటుందా? అది అర్థమైతే సగం తలనొప్పి పోతది.

బ్లూటూత్‌ల ఆడించేది ఫోనే. ఫోన్ల వచ్చే ప్రతి సప్పుడు బార్‌కి పోతది, పాట ఒక్కటే కాదు. ఇది నాకు బతుకమ్మ నాడు బాగ తెలిసొచ్చింది. బార్‌ని వాకిట్లకి తెచ్చి, అక్క ఫోన్ కలిపి పాటలు పెట్టినం, ఆడోళ్లంత చుట్టు తిరుగుతున్నరు, ఇంతల అక్క గునుగు పువ్వు సరిపోలేదని ఫోన్ చేతుల పట్టుకొనే ఇంటెనకకి పోయింది, పాట ముక్కలు ముక్కలై ఆగిపోయింది. బ్లూటూత్ అడ్డం లేకుంటే పది మీటర్ల దాంక బాగనే పోతది, నడుమ గోడ వస్తే అంత దూరం పోదు, మనిషి ఒంటితోని కూడ సిగ్నల్ తగ్గుతది, ఫోన్ ఎనక జేబుల పెట్టుకుని బార్ దిక్కు ముఖం పెట్టి నిలబడ్డా తేడా కనపడ్తది. సరే మల్ల కలిపినం, కలిపిన రెండు నిమిషాలకి ఎవరో ఫోన్ చేసిన్రు, రింగ్‌టోన్ వాకిలంత మోగింది. అందరు నవ్విన్రు, కాని అక్కకి మస్తు కోపమొచ్చింది.

ఇంకోటి, ఇంట్ల ఎవరి ఫోన్ ముందు దొరికితే వాళ్లది అతుక్కుంటది. నేను బార్ ఆన్ చేస్తే లోపల రూంల ఉన్న మా ఆమె ఫోన్ కలిసిపోతది, నా ఫోన్ల ఏమో కనెక్ట్ అయితలేదని చూపిస్తది, నేనేమో బార్ కరాబైంది అనుకునేటోన్ని. ఎవరి ఫోన్ అతుక్కుందో చూసి దాంట్ల బ్లూటూత్ బంద్ చేస్తే అయిపోతది, వాళ్లు రోజు వాడకుంటే ఆ ఫోన్ల బార్ పేరుని Forget కొట్టుడే మంచిది.

సప్పుడు తక్కువొస్తుంది అనేటోళ్లు ఒకటి చూడున్రి, కొన్ని బార్‌లల్ల ఫోన్ వాల్యూమ్ వేరే, బార్ వాల్యూమ్ వేరే. ఫోన్ల సగం పెట్టి బార్‌ల పెంచుకుంట పోతే పాట బలం లేకుండ వస్తది, పైకెళ్లి గుస్ మనే సప్పుడు కూడ పెరుగుతది. ఫోన్ల దాదాపు నిండ పెట్టి బార్ రిమోట్‌తోని తగ్గించుకోవాలె.

క్వాలిటీ అంటరా, బ్లూటూత్‌ల సౌండ్‌ని ప్యాక్ చేసే పద్ధతులల్ల మా బార్ ఎస్‌బీసీ, ఏఏసీ రెండే తీసుకుంటది, ఎక్కువ క్వాలిటీ అనే ఎల్‌డాక్ లేదు. ఒకే పాటని బ్లూటూత్‌ల ఒకసారి కాస్ట్‌ల ఒకసారి పెట్టి విన్న, కండ్లు మూసుకుని విన్న, నా చెవులకైతే చెప్పుకునేంత తేడా తెల్వలే. మీ చెవులు మీ ఇష్టం.

అసలు తేడా ఎక్కడంటే ఆలస్యం కాడ. బ్లూటూత్‌ల సౌండ్ ఫోన్ల ప్యాక్ అయి, గాలిల పోయి, బార్‌ల విప్పుకునే వరకు సుమారు 200 మిల్లీ సెకన్లు పడ్తది. సెకనుకి 25 ఫ్రేములు తిరిగే వీడియోల ఒక్కో ఫ్రేము 40 మిల్లీ సెకన్లు, అంటే సౌండ్ అయిదు ఫ్రేములు ఎనక పడ్డట్టు. పాటకి ఏం కాదు. ఫోన్ల యూట్యూబ్ చూస్తే కూడ పెద్దగ తెల్వదు, ఎందుకంటే ఆ యాప్ ఈ ఆలస్యాన్ని లెక్కేసుకుని బొమ్మని కూడ అంతే ఆపుతది. గేముల అట్ల ఆపుడు కుదరదు, ఏలు తాకంగనే బొమ్మ కదలాలె కదా, మా పొట్టోడు క్యారమ్స్ ఆడితే స్ట్రైకర్ పోయి కాయిన్‌కి తగిలినంక టక్ అంటది. మీ బార్‌ల ఎంత ఆలస్యముందో చూడాలంటే ఇదే సులువు, తాకితే సప్పుడు చేసే ఏదన్న గేమ్ పెట్టి చూడున్రి.

నేను చేసిన పెద్ద తప్పేందంటే మొదటి ఆర్నెల్లు టీవీని కూడ బార్‌కి బ్లూటూత్‌తోనే కలిపిన, వైర్ ఎందుకులే అని. వార్తలు చదివేటామె పెదవులు ముందు కదిలేది, మాట ఎనకొచ్చేది. అమ్మ రోజు అనేది, ఈ పిల్లకి ఏమైందిరా అని. నేను కేబులోళ్ల తప్పు అనుకున్న. ఆప్టికల్ వైర్ ఏసిన రోజే పోయింది ఆ జబ్బు.

ఇగ ఆప్టికల్. గడియారం సెంటర్ కాడ ఒక దుకాణంల అడిగితే, ఈ వైర్ తీసుకో అన్నా ఫోన్‌కి కూడ పెట్టుకోవచ్చు అన్నడు. మామూలు ఫోన్లకి ఆప్టికల్ అవుట్ ఉండదు, నేను వైర్ కొని ఇంటికొచ్చి ఫోన్ అటు తిప్పి ఇటు తిప్పి చూసినంక తెలిసింది. కాని ఆ వైర్ వేస్ట్ కాలే. ఫోన్‌కెళ్లి వీడియోని టీవీకి కాస్ట్ చేస్తే టీవీ ఆడిస్తది, టీవీకెళ్లి సౌండ్ ఆప్టికల్‌ల బార్‌కి పోతది. ఫోన్ల చూసే సినిమాకి, మ్యాచ్‌కి నాకు ఇదే తొవ్వ, రెండున్నరేండ్లల ఎన్నడు ఇబ్బంది పెట్టలే. లోపల పోయేది వెలుతురు, కరెంట్ కాదు, అందుకని ఛార్జర్ పెట్టినప్పుడు ఆక్స్ వైర్‌ల వచ్చే ఆ గుయ్ మనే మోత దీంట్ల రాదు.

పెట్టేటప్పుడు మూడు చూడాలె. వైర్ రెండు కొనలకి చిన్న ప్లాస్టిక్ టోపీలుంటయ్, కనపడకుంట పారదర్శకంగ ఉంటయ్, అవి పీకకుంట గుచ్చితే లోపలికి పోదు. టీవీకి ఒక కొన పెట్టి ఇంకో కొన చూస్తే ఎర్ర వెలుగు కనపడాలె, కనపడ్తే టీవీ పంపుతుంది అన్నట్టు. మూలకాడ వైర్‌ని కాయితం మడిచినట్టు మడవొద్దు, లోపల పగిలితే బయటికి ఏం తెల్వదు.

మిర్యాలగూడల మా బావ కూడ నా మాట విని ఒక చిన్న బార్ కొన్నడు, దాంట్ల కాస్ట్ లేదు. ఆప్టికల్ పెట్టినంక ఫోన్ చేసిండు, బామ్మర్దీ, వార్తలకి సౌండొస్తుంది, సినిమా పెడ్తే మూగ నోము పట్టింది అని. ఎర్ర వెలుగు ఉందా అంటే ఉన్నది అన్నడు. వెలుగు ఉండి, కొన్నింటికే సౌండొచ్చి కొన్నింటికి రాకుంటే వైర్‌ది తప్పు కాదు, టీవీ డాల్బీల ప్యాక్ చేసి పంపుతుంది, బార్‌కి అది విప్పుడు వస్తలేదు అని లెక్క. టీవీ సెట్టింగ్స్‌ల సౌండ్‌లకి పోయి Digital Audio Output అని ఉంటది, కొన్ని టీవీలల్ల పేరు జర వేరే ఉంటది, దాంట్ల Auto తీసేసి PCM పెట్టు బావా అన్న. పెట్టంగనే మోగింది. పీసీఎం అంటే టీవీనే విప్పి రెండు ఛానళ్లు చేసి పంపుడు, అంత చిన్న బార్‌కి అది చాలు.

ఆప్టికల్‌తోని నా గులుగుడు ఒక్కటే, రిమోట్లు. మా టీవీ ఆప్టికల్‌ల సౌండ్‌ని ఒకే లెక్కల పంపుతది, టీవీ రిమోట్ నొక్కినా, కాస్ట్ చేసినంక ఫోన్ బటన్ నొక్కినా బార్‌ల ఏం మారదు. బార్ రిమోటే పట్టుకోవాలె. అది సోఫా సందుల పడ్తె ఇంటిల్లిపాది దేవులాడుడే.

పాటలకైతే రెండో ఏడు నుంచి నేను నేరుగ బార్‌కే కాస్ట్ చేస్తున్న. దీంట్ల ఫోన్ పాటని పంపదు, ఏ పాట కావాల్నో బార్‌కి చెప్తది, బార్ వైఫైకెళ్లి తనే గుంజుకుంటది. కిందటి బతుకమ్మకి ఇట్లనే పెట్టినం, అక్క ఫోన్ పట్టుకుని ఎక్కడికి పోయినా పాట ఆగలే, ఫోన్ వచ్చినా రింగ్ బార్‌ల మోగలే, బ్యాటరీ కూడ అంత దిగలే.

అయితే కాస్ట్‌కి నఖరాలు ఎక్కువ. ఫోన్, బార్ ఒకే వైఫైల ఉండాలె, ఫోన్ మొబైల్ డేటాల ఉంటే లిస్ట్‌ల బార్ పేరే రాదు, రౌటర్‌ల గెస్ట్ పేరు వేరే పెట్టి దానికి కలిసినా రాదు. యూట్యూబ్ మామూలు యాప్‌ల కూడ బార్ కనపడదు, టీవీ ఒక్కటే కనపడ్తది, ఎందుకంటే దానికి బొమ్మ చూపించే డబ్బా కావాలె. పాటల యాప్‌లల్ల కనపడ్తది. అమ్మోళ్ల గుంపు సొంతంగ పాడుకుని వాట్సాప్‌ల పెట్టుకున్న పాటలున్నయ్, వాట్సాప్‌ల కాస్ట్ గుర్తే లేదు, అవి ఇప్పటికీ బ్లూటూత్‌లనే.

కరెంట్ పోయొస్తే ఇంకో కథ. మా ఇంట్ల బార్ పది సెకన్లల లేస్తది, రౌటర్ వైఫై ఇచ్చే వరకు రెండు నిమిషాలు పడ్తది, బార్ లేచి చూస్తే వైఫై లేదు, కొన్నిసార్లు తర్వాత తనే కలుస్తది, కొన్నిసార్లు మొండికేసి అట్లనే కూసుంటది. అప్పుడు రౌటర్ లైట్లన్ని వచ్చినంక బార్ ప్లగ్ పీకి అర నిమిషం ఆగి పెడ్తే వస్తది. తర్వాత రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్‌ల పెట్టిచ్చిన, ఈ గోస తగ్గింది. ఇంకోటి, ఇంటర్నెట్ మార్చినప్పుడు కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టున్రి, బార్ తనే కలుస్తది, లేకుంటే సెటప్ అంత మొదటికెళ్లి చెయ్యాలె.

బావ బార్‌ల కాస్ట్ లేకున్నా ఆయన టీవీల ఉన్నది కదా, పాటలు టీవీకి కాస్ట్ చేస్కో, ఆప్టికల్‌ల బార్‌కి వస్తయ్, బొమ్మ అవసరం లేకుంటే సెట్టింగ్స్‌ల Picture Off కొట్టు అని చెప్పిన. పావుగంటకి మల్ల ఫోన్. పాట మంచిగొస్తుంది బామ్మర్దీ, టీవీ మాత్రం పోయింది, నల్లగైంది అని.