ఫోటో తీస్తే లెక్క చేసే యాప్: ప్రస్తారాలు, సంయోగాల అధ్యాయంలో మూడేళ్ల వాడకం తరువాత

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు సాయంత్రం పూట గణితం చెబుతాను. పుస్తకంలోని లెక్కను ఫోన్‌తో ఫోటో తీస్తే చదివి, సాధన చూపే యాప్ ఒకటి మూడేళ్లుగా వాడుతున్నాను. వర్గ సమీకరణాలు, పాక్షిక భిన్నాల దగ్గర దానితో నాకు పెద్దగా పేచీ లేదు. ఈ సమీక్ష అంతా ప్రస్తారాలు, సంయోగాల అధ్యాయం గురించే, ఎందుకంటే అక్కడ కష్టం గుణకారంలో ఉండదు. క్రమం మారితే కొత్త అమరిక అవుతుందా, ఒకే వస్తువు మళ్లీ రావచ్చా అన్న రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోవడంలోనే ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలను యాప్ మనల్ని అడగదు, తనకు తోచినట్టు తేల్చుకుని ముందుకు వెళ్లిపోతుంది.

మొదటి దెబ్బ ఫోటో దగ్గరే తగిలింది. 0, 2, 4, 7, 8 అంకెలతో ఎన్ని నాలుగంకెల సంఖ్యలు ఏర్పరచవచ్చు, అంకెలు పునరావృతం కావచ్చు అన్నది లెక్క. ఒక అమ్మాయి ఫోటో తీస్తే 96 అని జవాబు వచ్చింది. వేల స్థానంలో సున్నా రాకూడదన్న సంగతిని యాప్ చక్కగా పట్టుకుని 4 × 4 × 3 × 2 అని మెట్టు మెట్టుగా చూపించింది కాబట్టి ఆ అమ్మాయికి అనుమానం రాలేదు, నిజం చెప్పాలంటే మొదటిసారి చూసినప్పుడు నాకూ రాలేదు. అసలు జవాబు 4 × 5 × 5 × 5, అంటే 500. తెర మీద యాప్ తాను చదివిన ప్రశ్నను అచ్చులో చూపిస్తుంది. అక్కడికి వెళ్లి చూస్తే చివరి మాట "పునరావృతం కా" దగ్గర ఆగిపోయి ఉంది. మిగతా అక్షరాలు పుస్తకం కుట్టు దగ్గరి వంపు నీడలో పోయాయి. తెలుగులో అవును, కాదు అన్నది క్రియ చివరనే తేలుతుంది: "కావచ్చు" అన్నా "కాకూడదు" అన్నా మొదటి అక్షరం ఒకటే, వాక్యంలో ఆ మాట వచ్చేదీ చిట్టచివరనే. ఎడమ పేజీలో పంక్తి నిండుగా ఉంటే ఆ చివర సరిగ్గా కుట్టులోకి పోతుంది. అందువల్ల ఎడమ పేజీ లెక్కలకు పుస్తకాన్ని బల్ల మీద పరిచి, కుట్టును అరచేతితో అదిమి పట్టి ఫోటో తీయించడం, సాధన చూడకముందే అచ్చులో ప్రశ్న చివరి మాట చదివించడం అప్పటి నుంచి మా అలవాటు. తప్పుగా చదివిన మాటను అక్కడే దిద్దే వీలు ఉంది, ఆ మేరకు యాప్‌ను మెచ్చుకోవాలి.

ప్రశ్నను పూర్తిగా, సరిగ్గా చదివిన తరువాత కూడా తప్పడం ఇంతకంటే పెద్ద లోపం. ఒక దుకాణంలో 5 రకాల మిఠాయిలు కావలసినన్ని ఉన్నాయి, 8 మిఠాయిలు ఎన్ని విధాలుగా కొనవచ్చు అని అడిగితే 5^8, అంటే 390625 అని చెప్పింది. పునరావృతం ఉందన్న సంగతి దానికి తెలిసింది కానీ, క్రమం లేదన్న సంగతి తెలియలేదు. ఇలాంటి చోట పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఒకటే: సూత్రం జోలికి పోకుండా ముందు ఒక ఫలితాన్ని కాగితం మీద రాయండి, లడ్డూ, లడ్డూ, జిలేబీ, మైసూర్‌పాక్, ఇలా ఎనిమిది పేర్లు. ఇప్పుడు ఏవైనా రెండు వేర్వేరు పేర్లను తారుమారు చేయండి. ఇంటికి తెచ్చిన పొట్లంలో ఏమైనా మారిందా? మారలేదు కాబట్టి ఇక్కడ క్రమం లేదు. లడ్డూ రెండుసార్లు రాసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు కాబట్టి పునరావృతం ఉంది.

ఇక్కడ ఒక అబ్బాయి తెలివిగా, "క్రమం అక్కర్లేదు కదా సార్, దాన్నే 8! తో భాగిస్తే సరిపోతుంది" అన్నాడు. 390625ను 40320తో భాగిస్తే 9.68 చిల్లర వస్తుంది, కొనే విధాల సంఖ్య పూర్ణాంకం కాకపోవడం ఏమిటని వాడే తల గోక్కున్నాడు. కారణం ఇది: ఎనిమిదీ లడ్డూలే అయిన పొట్లం వరుసల జాబితాలో ఒక్కసారే వస్తుంది, ఏడు లడ్డూలు, ఒక జిలేబీ ఉన్న పొట్లం ఎనిమిదిసార్లు వస్తుంది. అన్ని పొట్లాలూ సమానంగా లెక్కకు వచ్చి ఉంటేనే ఒకే సంఖ్యతో భాగించడం చెల్లుతుంది, అది పునరావృతం లేనప్పుడే జరుగుతుంది. సరైన దారి ఏమిటంటే ఎనిమిది మిఠాయిలను ఎనిమిది చుక్కలుగా వరుసలో పెట్టి, రకానికీ రకానికీ మధ్య ఒక గీత చొప్పున నాలుగు గీతలు గీయడం. మొత్తం 12 స్థానాల్లో గీతలకు 4 ఎంచుకోవాలి, అంటే 12C4, జవాబు 495.

పునరావృతం ఉందని తెలిసినా, దేనికి ఉందో పొరబడే సందర్భం మరొకటి ఉంది. 5 ఉత్తరాలను 4 పోస్టు డబ్బాల్లో వేసే విధాలు అడిగితే యాప్ 5^4 అని 625 చూపించింది. ఒక ఉత్తరం రెండు డబ్బాల్లో పడదు, ఒక డబ్బాలో మాత్రం రెండు ఉత్తరాలు పడవచ్చు. మళ్లీ మళ్లీ వచ్చేది డబ్బా కాబట్టి ఉత్తరానికి 4 దారుల చొప్పున 4^5, అంటే 1024 కావాలి. ఇదే లెక్కను ఇంకోసారి ఫోటో తీస్తే సరైన జవాబే ఇచ్చింది, దాంతో నా నమ్మకం పెరగకపోగా ఇంకాస్త తగ్గింది.

జవాబును సరిచూసుకోవడానికి సంఖ్యలను చిన్నవి చేసి, చేత్తో జాబితా రాసి పోల్చడం మంచి పద్ధతే కానీ, అందులోనూ నేను ఒకసారి బోల్తా పడ్డాను. 3 వస్తువుల నుంచి 2 తీసుకుంటే క్రమం ఉండి పునరావృతం లేనప్పుడు 6, క్రమం లేకుండా పునరావృతం ఉన్నప్పుడు కూడా 6 వస్తుంది, అందువల్ల తప్పు సూత్రం కూడా పరీక్షలో నెగ్గిపోతుంది. 4 వస్తువుల నుంచి 2 తీసుకోండి. రెండూ ఉంటే 16, క్రమం మాత్రమే ఉంటే 12, పునరావృతం మాత్రమే ఉంటే 10, రెండూ లేకపోతే 6. నాలుగూ వేర్వేరు కాబట్టి యాప్ ఏ దారి పట్టిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇన్ని చెప్పినా యాప్‌ను తీసేయలేదు. దారి సరిగ్గా ఎంచుకున్నప్పుడు దాని మెట్లు శుభ్రంగా ఉంటాయి, పెద్ద క్రమగుణితాల కొట్టివేతల్లో అది తప్పడం నేను చూడలేదు. అయితే రెండు ప్రశ్నలకూ జవాబు రాయకుండా ఫోన్ ముట్టుకోకూడదని మా గదిలో నియమం పెట్టాను. మొదట్లో పిల్లలు ఆ జవాబులను లెక్క పక్కనే పెన్సిల్‌తో ఒక టిక్కు, ఒక ఇంటూ గుర్తుగా వేసేవారు. యాప్ ఆ ఇంటూను కూడా లెక్కలో భాగమనుకుని, ప్రశ్న చివర ఉన్న సంఖ్యతో గుణించి చూపించింది. ఇప్పుడు వేరే చీటీ మీద రాయిస్తున్నాను.