స్లైడ్ల నుంచి వీడియో స్క్రిప్ట్: పాయింట్లు పట్టుకోవాలా, నోట్స్ పట్టుకోవాలా, నోటితో చెప్పి రాసుకోవాలా?

క్లాసులో చెప్పే స్లైడ్లను వీడియోగా మార్చాలంటే స్క్రిప్ట్ ఎక్కడ మొదలుపెట్టాలని శిక్షణ ఇచ్చే మిత్రులు తరచూ అడుగుతుంటారు. నెల క్రితం నాకూ అదే పని పడింది. పిల్లల విరేచనాల మీద ఆశా కార్యకర్తలకు చెప్పే 40 నిమిషాల క్లాసును ఆరు నిమిషాల వీడియో చేయాలి. మూడు దారుల్లోనూ రాసి చూశాను.

ఓఆర్ఎస్ తయారీ స్లైడ్‌నే తీసుకుందాం. దాని మీద మూడు పాయింట్లు: లీటరు శుభ్రమైన నీళ్లు, ఒక ప్యాకెట్ మొత్తం, 24 గంటల్లో వాడాలి. కింద నోట్స్‌లో నేను రాసుకున్నది: "గ్లాసులో కలిపే తప్పు చెప్పాలి. సీసా చూపించాలి. ఎవరైనా ఇంట్లో ఎలా కలుపుతారో అడగాలి."

పాయింట్లను వాక్యాలుగా సాగదీయడం తేలిక. "లీటరు శుభ్రమైన నీళ్లు తీసుకోవాలి. ప్యాకెట్ మొత్తం కలపాలి. 24 గంటల్లో వాడాలి." తప్పేమీ లేదు, ఏదీ వదిలిపోదు. కానీ తెర మీద ఉన్నదే గొంతు మళ్లీ చదువుతుంది. చూసేవాళ్లు కళ్లతో ముందే చదివేసి మన గొంతు కోసం ఎదురుచూస్తుంటారు. చేతులు కడుక్కునే పద్ధతి లాంటి రెండు నిమిషాల వీడియోకైతే ఇది చాలు. అంతకు మించితే నాకు నచ్చలేదు.

నోట్స్ నుంచి రాస్తే మాట కాస్త బతికి ఉంటుంది. అయితే నోట్స్ మనకోసం రాసుకున్నవి, వినేవాళ్ల కోసం కాదు. "సీసా చూపించాలి" అన్నది వీడియోలో మాట కాదు, దృశ్యం. "ఎవరైనా ఎలా కలుపుతారో అడగాలి" అన్నదానికి గదిలో జవాబు వస్తుంది, వీడియోలో రాదు. అందుకే నోట్స్‌లోని ప్రతి వాక్యం పక్కన అది చెప్పేదా, చూపించేదా, గదికి మాత్రమే పనికొచ్చేదా అని గుర్తు పెట్టుకోవాలి. మూడో రకాన్ని కొట్టేయాలి, లేదా వాళ్లు ఇచ్చే జవాబును మనమే చెప్పాలి. మీ నోట్స్ పూర్తి వాక్యాల్లో ఉంటే ఈ దారి మంచిదే.

నా దృష్టిలో అసలు తేల్చేది మాత్రం వేరే: ఒక స్లైడ్ నుంచి ఇంకో స్లైడ్‌కు వెళ్లే అతుకు. అది పాయింట్లలో ఉండదు, నోట్స్‌లోనూ ఉండదు. క్లాసులో మన నోటి నుంచి అప్పటికప్పుడు వస్తుంది. అందుకే చివరికి స్లైడ్లు మూసేసి, కొత్తగా చేరిన ఒక నర్సమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేస్తూ మొత్తం చెప్పాను. అప్పుడు వచ్చింది ఇది:

"బిడ్డ తాగేది కొంచెమే కదా అని గ్లాసు నీళ్లలో ప్యాకెట్ అంతా కలిపేస్తారు. ఉప్పు ఎక్కువైపోతుంది, అది బిడ్డకు ప్రమాదం. సగం ప్యాకెట్ వేద్దామంటే సగం సరిగ్గా ఎంతో కంటికి తెలియదు. అందుకే ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే. ఓఆర్ఎస్ పోయిన నీళ్లనూ లవణాలనూ తిరిగి ఇస్తుంది, విరేచనాలను మాత్రం వెంటనే ఆపదు. మందు పనిచేయలేదని తల్లి మానేసేది ఇక్కడే. జింక్ కూడా ఇస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయి. తగ్గాక కూడా జింక్ 14 రోజులూ ఇవ్వాలి."

ఓఆర్ఎస్ స్లైడ్‌కూ జింక్ స్లైడ్‌కూ మధ్య ఉన్న "తల్లి మానేసేది ఇక్కడే" అన్న మాట నా స్లైడ్లలో ఎక్కడా లేదు. ఆ క్లాసు మొత్తానికి ముఖ్యమైన మాట అదే. అతుకు ఉందో లేదో తెలియాలంటే రెండు స్లైడ్ల మధ్య "అందుకే" గానీ "కానీ" గానీ పెట్టి చదవండి. "ఇంకా", "తర్వాత" తప్ప ఏదీ అతకకపోతే వరుస మార్చాలి, లేదా ఒక స్లైడ్ తీసేయాలి. నా 22 స్లైడ్లలో ఐదు అలా పోయాయి.

దీనికీ లోపాలున్నాయి. చెప్పుకుంటూ పోయి జింక్ మోతాదు పూర్తిగా మరిచిపోయాను. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, ఆపైన అయిదేళ్ల లోపు వాళ్లకు 20. అందుకని రికార్డును కాగితం మీద పెట్టాక పాయింట్లనూ నోట్స్‌నూ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి టిక్ చేసుకోవాలి. అప్పుడు స్లైడ్లు తనిఖీ పట్టికలా పనికొస్తాయి. మాటలూ ఎక్కువవుతాయి. నా గొంతుకు నిమిషానికి 90 పదాలు హాయిగా పడతాయి కాబట్టి ఆరు నిమిషాలకు 540 అనుకున్నాను. మొదటి రాత 900 దాటింది. గడియారం పెట్టుకుని బయటికి చదివి కోశాను.

స్క్రిప్ట్ లేకుండా స్లైడ్‌షో మీదే గొంతు రికార్డు చేసే పద్ధతి కూడా ఉంది. తొందరగా అవుతుంది, కానీ ఒక తప్పు దొర్లితే ఆ స్లైడ్ మొత్తం మళ్లీ చెప్పాలి.

స్క్రిప్ట్ పూర్తయ్యాక తెర మీది పాయింట్లు చాలావరకు తీసేశాను. గొంతు చెబుతున్నప్పుడు తెర మీద లీటరు సీసా, ప్యాకెట్, కలిపే చెయ్యి మాత్రమే కనిపిస్తాయి. జింక్ మోతాదు పట్టిక ఒక్కటే అక్షరాల్లో ఉంది. అక్కడ ఫోన్‌లో ఫొటో తీసుకునే వీలుగా గొంతు అయిదు సెకన్లు ఆగుతుంది.