సౌండ్ ఇంజనీరు పరిచయం: పనిముట్ల జాబితా మేలా, పని వినిపించడం మేలా?

పని కోసం సౌండ్ ఇంజనీర్లు పంపుకునే పరిచయాలలో రెండు రకాలు తరచూ కనిపిస్తాయి. మొదటిది ఇలా ఉంటుంది:

“సౌండ్ ఇంజనీరును. ప్రో టూల్స్, న్యూయెండో, రీపర్, ఐజోటోప్ ఆర్‌ఎక్స్ వచ్చు. సినిమాలు, ప్రకటనలు, పాడ్‌కాస్టులు, పెళ్లి వీడియోలు, లైవ్ షోలు అన్నీ చేస్తాను. షోరీల్ లింకు కింద ఉంది.”

రెండోది ఇలా:

“వెబ్ సిరీస్‌లకు, షార్ట్ ఫిల్ములకు డైలాగ్ ఎడిటింగ్, మిక్సింగ్ చేస్తాను. లొకేషన్‌లో రికార్డయిన మాటలను వీలైనంతవరకు డబ్బింగ్ దాకా పోనివ్వను. షోరీల్‌లో మూడు సన్నివేశాలున్నాయి. ప్రతిదీ శుభ్రం చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి వినవచ్చు. మొదటి సన్నివేశంలో డైలాగ్, మిక్స్ నావి, ఫోలీ వేరొకరిది. పని ప్రో టూల్స్‌లో. ఎడిటర్ ఇచ్చే ఏఏఎఫ్ ఫైలు తీసుకుని, స్టీరియో మిక్స్‌తోపాటు డైలాగ్, సంగీతం, ఎఫెక్ట్స్ స్టెమ్‌లు విడివిడిగా ఇస్తాను.”

వెబ్ సిరీస్ నిర్మాతకో, పోస్ట్ ప్రొడక్షన్ చూసుకునే వ్యక్తికో పంపేటప్పుడు నా ఓటు రెండోదానికే. తేడా అంతా షోరీల్‌లో ఉంది. మొదటి రకం పరిచయానికి వెనుక సాధారణంగా ఉండేది మాంటేజ్: హుషారైన పాట, దాని మీద రెండేసి సెకన్ల దృశ్యాలు. వీడియో ఎడిటర్‌కు, ముఖ్యంగా ప్రకటనలు, పెళ్లి సినిమాలు చేసేవారికి ఇది బాగానే నప్పుతుంది, ఎందుకంటే ఆ కోతల లయే వాళ్ల పని. సౌండ్ మనిషికి మాత్రం ఆ పాటే అడ్డు. వినిపించాల్సిన పనంతా దాని కింద మునిగిపోతుంది. మిగిలేది కెమెరామన్ ప్రతిభ.

ముందు, తర్వాత పద్ధతిలోనూ మోసపోయే చోట్లున్నాయి. ఒక వంటింటి సన్నివేశం తీసుకుందాం. పైన ఫ్యాను తిరుగుతోంది, కిటికీ అవతల ట్రాఫిక్, ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ముందుగా పది సెకన్లు లొకేషన్ శబ్దం ఉన్నది ఉన్నట్టుగా, వెంటనే అవే పది సెకన్లు శుభ్రం చేసినది. ఇక్కడ రెండు ముక్కల్లోనూ మాటల బిగ్గరతనం సమానంగా ఉండాలి. రెండోది కొన్ని డెసిబెల్స్ ఎక్కువ పలికితే చాలు, చెవి దాన్నే మెరుగైనదని అనుకుంటుంది. అనుభవజ్ఞుడు ఆ కిటుకును ఇట్టే పట్టేస్తాడు. శబ్దాన్ని అతిగా తీసేసినా దొరికిపోతాం. మాటలు నీళ్లలోంచి వచ్చినట్టుంటాయి, ‘స’, ‘శ’ అక్షరాలు అరిగిపోతాయి, మాటకూ మాటకూ మధ్య గది ఒక్కసారిగా చచ్చిపోతుంది. అందుకే ఫ్యాను చప్పుడును పూర్తిగా చెరిపేయకుండా కొంత ఉంచి, ఆ గది సహజ నిశ్శబ్దాన్ని కోతల కింద పరిచిన ముక్కే నైపుణ్యానికి మంచి సాక్ష్యం.

ఇంకో సంగతి: షోరీల్‌ను చాలామంది ఫోను స్పీకరులోనే వింటారు. మన కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ హమ్‌ను ఎంత అందంగా తీసినా, ఆ చిన్న స్పీకరు అంత లోతైన శబ్దాన్ని దాదాపు పలికించలేదు కనుక ముందుకూ తర్వాతకూ పెద్ద తేడా తెలియదు. మొదటి నమూనాగా ట్రాఫిక్ రొదనో, ఖాళీ గది ప్రతిధ్వనినో ఎంచుకోవడం తెలివైన పని.

“ఫోలీ వేరొకరిది” అన్న ముక్క కొందరికి బలహీనతగా కనిపించవచ్చు. నాకైతే పరిచయం మొత్తంలో అదే విలువైన వాక్యం. ఒక సినిమా శబ్దం వెనుక లొకేషన్ రికార్డిస్టు, డైలాగ్ ఎడిటర్, అడుగుల చప్పుడు లాంటివి స్టూడియోలో పలికించే ఫోలీ కళాకారుడు, మిక్సర్ ఉంటారు. “ఈ సినిమాకు పనిచేశాను” అంటే అందులో ఏది చేసినట్టు? విడుదల కాని పని నుంచి ముక్క పెట్టాలంటే నిర్మాత అనుమతి తప్పనిసరి.

పనిముట్ల జాబితా అక్కరకు వచ్చే చోటు ఒకటుంది: స్టూడియోలో ఉద్యోగం. అక్కడ సెషన్లు చేతులు మారుతుంటాయి కనుక ప్రో టూల్స్ రాకపోతే మిగతాది చదవరు. విడిగా పని ఇచ్చే నిర్మాతకు కావలసింది చేతికి ఏమి అందుతుందన్నదే. నెట్‌ఫ్లిక్స్ డైలాగ్ సగటు బిగ్గరతనాన్ని -27 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర అడుగుతుంది, యూరప్ ప్రసార ప్రమాణం మొత్తం కార్యక్రమాన్ని -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఉంచమంటుంది. అలాంటి కొలతకు మిక్స్ ఇచ్చిన అనుభవం ఉంటే, ఆ ఒక్క మాట నాలుగు సాఫ్ట్‌వేర్ పేర్ల కంటే ఎక్కువ పనిచేస్తుంది. 5.1 మిక్స్ చేశానని రాస్తే ఎలాంటి గదిలో చేశారో కూడా రాయాలి, తర్వాతి ప్రశ్న అదే.

లింకు విషయంలో, డ్రైవ్‌లో పెట్టిన ఫైలు చాలాసార్లు అనుమతి అడుగుతుంది, చూసేవారు అక్కడే ఆగిపోతారు. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో కొత్త ఫైలు పెట్టలేము. విమియోలో లింకు మారకుండానే ఫైలు మార్చవచ్చు కనుక, ఇదివరకే పంపిన పరిచయాల్లో కూడా కొత్త సన్నివేశమే తెరుచుకుంటుంది.