ఏడాదికి పైగా తిన్నాక మా మెస్ కేటరర్ గురించి, ముఖ్యంగా గుడ్ల గురించి

పక్క బ్లాక్ హాస్టల్ వాళ్ళు ఇదే కేటరర్‌ని పెట్టుకుందామా అని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. అన్నం, సాంబారు, పెరుగు గురించి మొదటి సెమిస్టర్‌లో నేనే అందరికీ బాగుందని చెప్పాను. ఇప్పటికీ సాంబారు బాగుంటుంది, పెరుగు మాత్రం నెలాఖరుకి పల్చబడుతుంది. నా కోపం అంతా గుడ్ల మీదే.

వారానికి మూడు రోజులు టిఫిన్‌తో ఉడికించిన గుడ్డు ఇవ్వాలని ఒప్పందం. అందులో రాసింది "గుడ్డు 1" అని మాత్రమే, తూకం ఎక్కడా లేదు. చలికాలం దాటేసరికి గుడ్లు చిన్నవైపోయాయి. అడిగితే ఎండలకి కోళ్ళు మేత తగ్గిస్తాయి, గుడ్డు సైజు తగ్గుతుంది అన్నారు. అది నిజమే, కానీ దాంతో తగ్గేది కొన్ని గ్రాములే. మాకు వస్తున్న ట్రేలో ముప్పై గుడ్లూ ఒకే రకంగా చిన్నవి. అలాంటివి సాధారణంగా అప్పుడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన కోళ్ళవి, వ్యాపారంలో పుల్లెట్ గుడ్లు అంటారు, మామూలు గుడ్డు కంటే చవగ్గా దొరుకుతాయి. తినడానికి వాటిలో దోషం ఏమీ లేదు, కాకపోతే మేం డబ్బు కడుతున్నది వాటికి కాదు.

స్టోర్ తక్కెడ మీద కేటరర్ మనిషి ముందే ఒక ట్రే తూచాం. అట్ట బరువు తీసేస్తే 1,290 గ్రాములు, అంటే గుడ్డుకి 43. అగ్‌మార్క్ లెక్కలో 38 నుంచి 44 గ్రాముల దాకా చిన్న గుడ్డు, 45 నుంచి 52 దాకా మధ్యరకం. గుడ్డుకి 50 గ్రాముల చొప్పున ట్రే 1,500 ఉండాలి, అంటే ట్రేకి దాదాపు నాలుగు గుడ్ల సరుకు మాకు రావడం లేదు. అదే రోజు బయట కిరాణా కొట్టులో కొన్న గుడ్లు 50 దాటాయి, కాబట్టి ఎండల మాట అక్కడితో ఆగిపోయింది.

పాచి గుడ్ల విషయం ఇంకా బాధ పెట్టింది. కొన్ని రోజులు తెల్లసొన మీద జిగురు, ఒలవగానే పుల్లటి వాసన, ఇద్దరు ముగ్గురికి కడుపునొప్పి కూడా. పచ్చసొన చుట్టూ బూడిద రంగు వలయం కనిపిస్తే చాలామంది అదే పాచి అనుకుంటారు, అది ఎక్కువసేపు ఉడికించినా వస్తుంది, అందుకే తర్వాత కేటరర్‌కి ఇచ్చిన ఉత్తరంలో దాన్ని రాయలేదు. రుజువు కావాలి కాబట్టి, ఒక సోమవారం టిఫిన్ అయ్యాక మిగిలిన గుడ్ల పెంకు మీద మా కమిటీ జూనియర్ పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టాడు. బుధవారం పొద్దున నా ప్లేట్‌లోకి వచ్చిన గుడ్డు మీద ఆ చుక్క ఉంది, వేడినీళ్ళలో మళ్ళీ ముంచి తెచ్చారు కాబట్టి గుడ్డు వెచ్చగానే ఉంది! ఉడికించాక పెంకు మీద ఉండే సహజమైన రక్షణ పొర పోతుంది, అలాంటి గుడ్డుని ఫ్రిజ్ లేకుండా రెండు రోజులు వంటగదిలో ఉంచితే లోపలికి సూక్ష్మజీవులు చేరతాయి. మా మెస్‌లో ఫ్రిజ్‌లో పెట్టేది పాలు, పెరుగు మాత్రమే.

ఆ సాయంత్రమే ఉత్తరం రాసి వార్డెన్ సంతకంతో ఇచ్చాం. అందులో అసలు ముక్క ఇది: "అయ్యా, మీ వంట మీద మాకు ఫిర్యాదు లేదు. గుడ్డు 50 గ్రాములకు తగ్గకూడదు, సరుకు దిగినప్పుడల్లా ఏదో ఒక ట్రే మా కమిటీ మనిషి ముందు తూచి రిజిస్టర్‌లో రాయాలి. ఏ రోజు గుడ్లు ఆ రోజు తెల్లవారుజామున ఉడికించాలి, మిగిలినవి ఆ పూటే లెక్క రాసి తీసేయాలి, కూరలోకి కూడా మళ్ళించకూడదు. ఎంతమంది తింటారో ముందు రోజు రాత్రే మేం చెప్తాం." చివరి మాట కావాలనే పెట్టాం, శనివారాలు సగంమంది ఊళ్ళకి వెళ్ళిపోతే గుడ్లు మిగలడం ఆయన తప్పు కాదు.

ఆయన మా దగ్గరికి వచ్చి కూర్చుని మాట్లాడారు. ప్లేటు రేటు ఏడాదంతా ఒకటే, గుడ్డు రేటు మాత్రం రోజూ మారుతుంది, పెరిగినప్పుడు నాకు గిట్టదు అన్నారు. ఆ మాట సబబే అనిపించి, రేటు బాగా పెరిగిన వారాల్లో ఒక రోజు గుడ్డు బదులు అరటిపండు ఇవ్వడానికి ఒప్పుకున్నాం. అప్పటి నుంచి ట్రే ఎక్కువసార్లు 1,500 దాటుతోంది. పరీక్షల సమయంలో తూచడానికి ఎవరూ వెళ్ళని వారం మాత్రం మళ్ళీ చిన్నవే వచ్చాయి. జిగురు గుడ్డు మళ్ళీ కనిపించలేదు, పెన్సిల్ చుక్కలు ఇంకా పెడుతున్నాం.

మాకైతే వార్డెన్ వెనక నిలబడ్డారు, పొద్దున్నే లేచి తూచే జూనియర్లు ఉన్నారు, కాబట్టి ఈ కేటరర్‌తోనే కొనసాగాలని నా ఓటు. మీ దగ్గర అలా నిలబడే వాళ్ళు లేకపోతే, సంతకం పెట్టేముందే ఒప్పందంలో "గుడ్డు 1" పక్కన తూకం, "ఆ రోజు ఉడికించినది" అనే రెండూ రాయించుకోండి. సాంబారు కోసం అయితే ధైర్యంగా పెట్టుకోవచ్చు.